మిర్చి ముడత పేజీకి టైటిల్ ఎలా పెట్టాలి: రైతు మాటలో వెతుకులాట

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంఘం వెబ్‌సైట్‌లో పంటల సలహా పేజీలు వందకు పైనే ఉన్నాయి. "మిరపలో రసం పీల్చే పురుగుల సమగ్ర యాజమాన్యం" లాంటి టైటిల్స్ పెట్టాం. సమాచారం శాస్త్రవేత్తలు చూసి సరిచేసిందే. అయినా రైతులు వెతికితే మా పేజీలు కనపడవు, కనపడినా ఎవరూ నొక్కరు. పురుగు పేరు, సీజన్, మందు అన్నీ టైటిల్‌లోకి ఎలా తేవాలి? ఫలితాల్లో టైటిల్ కింద కనపడే డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలి?

జవాబు:

అన్నీ తేకండి. టైటిల్‌లో ముందుగా ఉండాల్సినవి రెండే: పంట పేరు, రైతు కంటికి కనపడింది. పురుగు పేరు తెలిసిన రైతు సగం దారి దాటినట్టే. మిగతావాళ్లు ఫోన్ తీసేదే ఆ పేరు తెలియక. "రసం పీల్చే పురుగులు" అన్నది చదువుకున్నవాళ్లు పాఠం కోసం కట్టిన గంప. చేలో నిలబడ్డ మనిషికి రసం పీల్చడం కనపడదు, ఆకు ముడుచుకుపోవడం కనపడుతుంది. ఆయన టైప్ చేసేది ఆ ముడతనే.

వంద పేజీల గురించి కలిపి చెప్తే ఏదీ ఆనదు. మిర్చి ముడత ఒక్కటి పట్టుకుని చివరిదాకా వెళ్తాను. మీరు ఉదాహరణగా రాసిన టైటిల్ కూడా ఆ పేజీదే కాబట్టి పనికొస్తుంది.

ముందు మాటలు పోగెయ్యాలి. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక సెప్టెంబరు పొద్దున తెలిసినవాళ్ల పురుగుమందుల షాపులో మూలన కుర్చీ వేసుకుని, నోట్‌బుక్‌లో వచ్చినవాళ్ల మొదటి వాక్యం మాత్రమే రాసుకుంటూ కూర్చున్నాను. "మిర్చికి ముడతొచ్చింది, ఏం కొట్టాలె?" "పై ముడతండి, నెల పైరు." "ఆకు దొప్ప తిరిగింది." ఒకాయన ఏమీ చెప్పకుండా చొక్కా జేబులోంచి రెండాకులు తీసి గల్లా మీద పెట్టాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నా "నివారణ" అన్న మాట ఎవరి నోటా రాలేదు, "యాజమాన్యం" సంగతి చెప్పక్కర్లేదు. కొట్టడం, చల్లడం, పొయ్యడం, పోవడం, తగ్గడం: వాళ్ల క్రియలు ఇవి. ఒక్క పూట అలా కూర్చుంటే ఏ టూలూ చూపించని సంగతి తెలుస్తుంది. రైతు వాక్యం పంటతో మొదలవుతుంది, కనపడినదాని మీదుగా వెళ్తుంది, "ఏం కొట్టాలి" దగ్గర ఆగుతుంది. గూగుల్‌లో టైప్ చేసేటప్పుడూ ఇదే వరస.

షాపులో విన్నదాన్ని సెర్చ్ కన్సోల్‌లో, అంటే మన సైట్ ఏ మాటలకు కనపడిందో గూగుల్ చూపించే టూల్‌లో, సరిచూసుకోవాలి. పెర్ఫార్మెన్స్ రిపోర్టులో, జనం వెతికిన మాటలను వడకట్టే క్వెరీ ఫిల్టర్ తెరిచి, నిలువు గీతలతో విడగొట్టిన మాటల్లో ఏది ఉన్నా పట్టే రెజెక్స్ ఎంచుకుని ఇలాంటిది పెట్టండి:

```
ముడత|ముడుత|mudatha|mudata|mudutha
```

మీ పేజీలు ఎక్కడో నలభయ్యో స్థానంలో కనపడినా సరే, ఆ క్వెరీలు ఇక్కడ కనపడతాయి. మూడు రకాలు ఎదురవుతాయి. తెలుగు లిపిలో టైప్ చేసినవి పొట్టిగా ఉంటాయి: "మిర్చి ముడత మందు". ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసినవి స్పెల్లింగుకొకటి: `mirchi mudatha mandu`, `mirapa mudata nivarana`. మైక్ నొక్కి మాట్లాడినవి వాక్యాల్లా పొడుగ్గా ఉంటాయి: "మిర్చి చెట్లకు ఆకులు ముడుచుకుంటే ఏ మందు కొట్టాలి". చాలా అరుదుగా వచ్చే క్వెరీలను గూగుల్ చూపించదు కాబట్టి ఈ జాబితా ఎప్పుడూ పూర్తిది కాదు. మైక్ వాక్యాలు ఎక్కువగా అలా మరుగున పడిపోతాయి. అందుకే షాపు నోట్‌బుక్ పారెయ్యకూడదు.

ఇంగ్లీషు అక్షరాల క్వెరీలు చూసి టైటిల్‌ని కూడా అలా రాయాలనిపిస్తుంది. రాయకండి. తెలుగులోనే రాసి, ఇంగ్లీషు అక్షరాల రూపాన్ని పేజీ అడ్రస్‌లో పెట్టండి: `mirchi-aku-mudatha` చాలు. తెలుగులో అడ్రస్ పెడితే వాట్సాప్‌లో పంచుకున్నప్పుడు `%E0%B0%AE` లాంటి చుట్టలుగా మారి, నొక్కడానికే భయపడేలా తయారవుతుంది.

ఇక అసలు చిక్కు. "ముడత" మాట ఒక్కటే, మిర్చిలో దాని వెనక ఉండేవి మూడు. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతాయి. దీన్ని పై ముడత అంటారు. తెల్లనల్లి పడితే అంచులు కిందికి వంగి, ఆకు తిరగేసిన పడవలా అవుతుంది, కాడ సాగుతుంది. ఇది కింది ముడత. మూడోది వైరస్, తెల్లదోమ మోసుకొచ్చేది. ఆకులు చిన్నవైపోయి, ఈనెల మధ్య పసుపెక్కి, గరుకుగా ముడతలుపడి, మొక్క గిడసబారుతుంది. చాలామంది దీన్ని బొబ్బర అంటారు. మొదటిదానికి పురుగుమందు, రెండోదానికి నల్లిమందు కావాలి. మూడోదానికి మందే లేదు. తొలిదశలో ఆ మొక్కలు పీకి పారేసి, తెల్లదోమను అదుపులో పెట్టడం వరకే. ఇది చాలదన్నట్టు వరిలోనూ "ఆకుముడత" ఉంది, అది గొంగళి పురుగు పని. పంట పేరు లేని టైటిల్ "ఆకుముడత పురుగు నివారణ" అయితే మిర్చి రైతు వరి పేజీలో దిగుతాడు. పంట పేరు మొదటి మాటగా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. మా సైట్‌లో ఈ ముడత పేజీ పాత టైటిల్ మీ టైటిల్‌లాగే ఉండేది. దాన్ని "మిర్చి ముడత: ఏ మందు కొట్టాలి?" అని మార్చాను. రెండు మూడు వారాల్లో పేజీ పైకొచ్చింది, క్లిక్కులు బాగా పెరిగాయి, నేను సంబరపడ్డాను. పేజీలో మొదట ఉన్నది తామర పురుగు, దాని మందులు. నల్లి సంగతి నాలుగు స్క్రోళ్ల కింద ఉంది. అక్టోబరులో ఒక రైతు ఫోన్ చేశాడు.

"సార్, మీరు రాసిందే కొట్టిన. రెండుసార్లు కొట్టిన. ముడత ఇంకింత పెరిగింది."

"ఆకు పైకి ముడిచిందా, కిందికా?"

"కిందికే సార్, గొడుగు లెక్క."

నల్లి. ఆయన మొదట పేజీలోని పురుగుమందు కొట్టాడు, తగ్గలేదని షాపులో ఇంకేదో పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కలిపి ఇచ్చారట. పైరిత్రాయిడ్లు నల్లిని తినే మిత్రపురుగులను చంపేస్తాయి, నల్లి మరింత చెలరేగుతుంది. పేజీలో రాసిన ప్రతి వాక్యమూ నిజమే. తప్పంతా టైటిల్‌ది. రైతు మాట పట్టుకుంది కానీ, ఆ మాట వెనక మూడు దారులున్నాయని చెప్పలేదు. పాత టైటిలే ఉండుంటే ఆయన పేజీకి వచ్చేవాడే కాదు, నష్టమూ ఉండేది కాదు. జనం వాడే మాటను టైటిల్‌లో పెడితే, ఆ మాటతో వచ్చే అందరికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత మన మీద పడుతుంది.

ఆ తర్వాత పెట్టినవి ఇవి:

```html
<title>మిర్చి ఆకు ముడత పైకా, కిందికా? దేనికి ఏ మందు</title>
<meta name="description" content="ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి, చిన్నదై పసుపెక్కితే బొబ్బర. మిరపలో మూడింటికీ చేయాల్సింది వేరు. మందు కొనేముందు ఆకు తిప్పి చూడండి.">
```

టైటిల్‌లో "పైకా, కిందికా" అన్న రెండు మాటలే పని చేస్తాయి. ఆ తేడా ఉందని తెలియని రైతు అక్కడే ఒక్క క్షణం ఆగుతాడు. తెలిసిన రైతు తన పేజీ దొరికిందనుకుంటాడు. "మిర్చి" టైటిల్‌లో, "మిరప" డిస్క్రిప్షన్‌లో పెట్టాను. రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి, రెండింటినీ టైటిల్‌లోనే కుక్కితే చదవడానికి ఎబ్బెట్టు. "తామర పురుగు" టైటిల్‌లో లేకపోవడం పొరపాటున జరిగింది కాదు. ఆ పేరు తెలిసినవాళ్ల కోసం వేరే పేజీ ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

పొడవు గురించి: టైటిల్‌కి ఇన్ని అక్షరాలని గూగుల్ హద్దేమీ పెట్టలేదు, స్క్రీన్ వెడల్పుని బట్టి కోస్తుంది. ఇంగ్లీషు టూల్స్ చెప్పే "అరవై అక్షరాలు" లెక్క తెలుగుకి పనికిరాదు. "మిర్చి" మన కంటికి రెండక్షరాలు, కంప్యూటరుకి ఆరు: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. అంచేత టూల్ ఎర్రజెండా చూపించిన టైటిల్ ఫోన్‌లో హాయిగా పట్టొచ్చు, పచ్చజెండా చూపించింది తెగిపోనూవచ్చు. నేను చేసేది ఒక్కటే: చిన్న ఫోన్‌లో గూగుల్ తెరిచి మా పేజీని వెతికి, ఎక్కడ తెగిందో కంటితో చూసుకుంటాను. పంట పేరు, కనపడే లక్షణం మొదటి నాలుగు మాటల్లో పడితే ఆ తర్వాత తెగినా బాధ లేదు. సంఘం పేరు ముందు పెట్టే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. దాన్ని చివరికి నెట్టండి, పొడుగైతే తీసెయ్యండి.

మీరు రాసిన టైటిలే గూగుల్ చూపిస్తుందన్న హామీ లేదు. పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న హెడ్డింగు ఒకటి చెప్తూ, టైటిల్ ఇంకొకటి చెప్తుంటే అది హెడ్డింగునే ఎత్తుకుని చూపించొచ్చు. చాలా సంస్థల సైట్లలో జరిగేది ఇదే: టైటిల్ మారుస్తారు, పేజీలో మాత్రం "సమగ్ర సస్యరక్షణ చర్యలు" అన్న పాత హెడ్డింగు అలాగే ఉంటుంది, మూడు వారాల తర్వాత చూస్తే ఫలితాల్లో పాతదే. రెండూ కలిపి మార్చండి. అచ్చంగా ఒకటే కానక్కర్లేదు, ఒకే మాట చెప్తే చాలు.

డిస్క్రిప్షన్ విషయంలో గూగుల్ చేతివాటం ఇంకా ఎక్కువ. వెతికిన మాటకు దగ్గరగా పేజీలో ఇంకో వాక్యం దొరికితే మీరు రాసింది పక్కనపెట్టి దాన్ని చూపిస్తుంది. అందుకని డిస్క్రిప్షన్‌లోని సంగతినే పేజీ మొదటి పేరాలోనూ రాయండి. ఏది ఎత్తుకున్నా సరైనదే కనపడుతుంది. కీవర్డ్స్ ట్యాగ్ ఒకటి ఉంటుంది, దాన్ని గూగుల్ పట్టించుకోదు, దానిమీద ఒక్క నిమిషం కూడా పెట్టకండి.

డిస్క్రిప్షన్‌లో మోతాదు ఎందుకు లేదని అడిగేవాళ్లున్నారు. "లీటరుకి ఇన్ని మి.లీ." అని అక్కడే ఉంటే క్లిక్కులు పెరుగుతాయని ఒక మిత్రుడు వాదించాడు. పెరగొచ్చేమో. నాకున్న భయం వేరు. సగం తెగిన వాక్యంలో ఒక మందు పేరు, ఒక అంకె కనపడితే పేజీ తెరవకుండానే షాపుకి వెళ్లే రైతు ఉంటాడు. ఏ ముడతకో, పైరు వయసెంతో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆ అంకె పక్కన ఉండదు. డిస్క్రిప్షన్‌లో ముడతను వేరుచేసే గుర్తు పెట్టండి, మందు పేజీ లోపల ఉండనివ్వండి. మీరు పెట్టకపోయినా గూగుల్ మోతాదు పట్టికలోంచి ముక్క లాగొచ్చు. దానికి అడ్డం ఉంది, పట్టికను ఇలా చుట్టండి:

```html
<div data-nosnippet>
  ... మోతాదు పట్టిక ...
</div>
```

దీని లోపలున్నది ఫలితాల కింది వాక్యాల్లోకి రాదు.

ఇప్పుడు వేరే పేజీల సంగతి. ముడత పేజీ కూడలి లాంటిది, అక్కణ్నుంచి మూడు పేజీలకు దారులు. వాటి టైటిల్స్ ఒకదాన్నొకటి తొక్కకూడదు. "మిర్చి ముడత నివారణ", "మిర్చి ముడత మందులు", "మిర్చిలో ముడత తెగులు" అని మూడు పెడితే గూగుల్ ఏది ఎవరిదో తేల్చుకోలేక ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చూపిస్తుంది. ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే సెర్చ్ కన్సోల్‌లో ఆ ఒక్క క్వెరీని నొక్కి పేజీల ట్యాబ్ చూడండి. మీ సైట్‌వే రెండు మూడు అడ్రస్‌లు కనపడి, ఏదీ నిలకడగా పైన లేకపోతే తొక్కిసలాట ఉన్నట్టే.

నేను పెట్టిన మూడూ ఇవి. "మిర్చి పై ముడత: తామర పురుగు గుర్తింపు, మందులు". "మిర్చి కింది ముడత: నల్లికి పురుగుమందు ఎందుకు పనిచేయదు". "మిర్చి బొబ్బర: పసుపెక్కి ముడుచుకున్న మొక్క తేరుకుంటుందా?" మొదటిదాని డిస్క్రిప్షన్‌లో "త్రిప్స్" కూడా రాశాను. డీలర్లు అదే మాట వాడతారు, వాళ్ల దగ్గర విన్న రైతు ఇంటికొచ్చి దాన్నే టైప్ చేస్తాడు. ఇంగ్లీషు మాట అని దాన్ని వెలివేస్తే మనకే నష్టం. లాటిన్ పేర్లను మాత్రం పేజీ లోపల ఒక్కసారి రాసి వదిలేశాను.

మూడోదాని టైటిల్ చూసి మా వాళ్లలో ఒకరు పెదవి విరిచారు. మందు లేని రోగానికి మందు పేరు లేని టైటిల్ పెడితే ఎవరు నొక్కుతారని. కానీ బొబ్బర పట్టిన రైతు నిజంగా అడిగే ప్రశ్న అదే: మొక్క తేరుకుంటుందా, పీకెయ్యాలా? "బొబ్బరకు బెస్ట్ మందు" అని పెడితే క్లిక్ వస్తుంది, లోపల మందు లేదని చదివి వెనక్కి పోతాడు. లేదా ఇంకా చెడ్డది, మనమే ఏదో ఒక మందు రాయాల్సొస్తుంది.

ఇంకో తికమక ఉంది, "నల్లి". 2021లో నల్ల తామర పురుగు మిర్చి మీద విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పూతంతా రాలి చేలకు చేలే పోయాయి. ఆ సీజన్‌లో మాకు "నల్లి" అని రాసి ఫోటోలు పంపినవాళ్లలో చాలామంది చూపించింది పూల లోపల తిరిగే ఆ నల్ల తామర పురుగునే. నల్లగా ఉంది కాబట్టి నల్లి. అసలు తెల్లనల్లి కంటికి ఆనదు, దానికి భూతద్దం కావాలి. అందుకే నల్లి పేజీ మొదటి పేరాలోనే రాశాను: "పువ్వు దులిపితే అరచేతిలో నల్లగా పాకేవి కనపడితే అది నల్లి కాదు, ఆ పేజీ ఇది" అని, పక్కనే లింకు. ఇలాంటి మాటను టైటిల్‌లో సరిదిద్దాలని చూడకండి. వెతికేవాడి మాటతోనే లోపలికి రానిచ్చి, లోపల దారి మళ్లించడం మేలు.

సీజన్ సంగతి కాస్త తొందరగా చెప్తాను, ఎందుకంటే చాలా పేజీలకు అది అక్కర్లేదు. పురుగు కోసం వెతికేవాళ్లు సీజన్ పేరు దాదాపు రాయరు, పైరు వయసు రాస్తారు: "నెల పైరు", "పూత మీద", "40 రోజుల మిర్చి". కాబట్టి పురుగు పేజీ డిస్క్రిప్షన్‌లో దశ ఉంటే చాలు. విత్తనం, నారు, నాటే సమయం, రకాల ఎంపిక పేజీలకు మాత్రం సీజన్ కావాలి, అదీ ఆ ప్రాంతం మాటలో. మీరు "రబీ వరి" అని రాస్తే తెలంగాణలో "యాసంగి" అని, గోదావరి, కృష్ణా డెల్టాల్లో "దాళ్వా" అని వెతికేవాళ్లకు అది తమ పేజీ అనిపించదు. టైటిల్‌లో మీ సభ్యులు వాడే మాట పెట్టి, మిగతావి డిస్క్రిప్షన్‌లో సర్దండి. వేరుశనగదీ ఇదే తంతు: ఒకచోట పల్లి, ఇంకోచోట బుడ్డలు. టైటిల్‌లో సంవత్సరం పెట్టే అలవాటు ఉంటే మానండి. రెండేళ్ల కిందటి అంకె ఉన్న సలహాను రైతు నమ్మడు, ఏటా వంద టైటిల్స్ మార్చే ఓపిక మీకూ ఉండదు.

మందు పేరు టైటిల్‌లో, డిస్క్రిప్షన్‌లో పెట్టొద్దనడానికి ఇంకో కారణం నిషేధాలు. మిర్చి నల్లికి ఏళ్ల తరబడి అందరం రాసింది డైకోఫాల్, లీటరు నీటికి 5 మి.లీ. 2023లో కేంద్రం డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్ మందులను నిషేధించింది. పేజీలో రాసినదాన్ని ఒక పూటలో మార్చేశాం. కానీ పాత డిస్క్రిప్షన్ ఒకదాంట్లో ఆ పేరు మిగిలిపోయి, గూగుల్ ఫలితాల్లో ఇంకొన్నాళ్లు తిరుగుతూనే ఉంది. మార్చాక సెర్చ్ కన్సోల్‌లో ఆ అడ్రస్ పెట్టి మళ్లీ ఇండెక్స్ చేయమని అడగాలి, లేకపోతే గూగుల్ దానంతటది వచ్చి చూసేదాకా పాతదే ఉంటుంది. మీ వంద పేజీల్లో ముందు ఈ మూడు పేర్లూ వెతకండి. టైటిల్స్ పని ఆ తర్వాత.

మార్చాక పనిచేసిందో లేదో ఎలా చూడాలి? ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. సెప్టెంబరులో టైటిల్ మార్చి, ఫిబ్రవరిలో చూసి "పడిపోయింది" అనుకుంటారు. ఫిబ్రవరిలో మిర్చి కోతల్లో ఉంటుంది, లేత పైరు ముడత గురించి ఎవరు వెతుకుతారు? పంట పేజీలను పోయిన నెలతో పోల్చకూడదు, పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటా ఉంచుతుంది, సరిగ్గా ఒక సీజన్ వెనక్కి చూడ్డానికి చాలు. అంతకంటే పాతది కావాలంటే ఏటా దించి దాచుకోండి.

చూడాల్సింది మొత్తం క్లిక్కులు కాదు, ముడత క్వెరీలు ఒక్కటే వడకట్టి వాటిలో ఎన్నిసార్లు కనపడితే ఎన్నిసార్లు నొక్కారన్నది. స్థానం పైకొచ్చి నొక్కడం పెరగలేదంటే టైటిల్ రైతును ఆపట్లేదు. నొక్కడం పెరిగి స్థానం మారలేదంటే టైటిల్ బాగుంది, పేజీ లోపల ఇంకా పని ఉంది. ఇవి రెండూ బాగున్నా నేను నమ్మేది ఇంకోటి: మాకొచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న మారిందా లేదా. కొత్త టైటిల్ పెట్టిన ఏడాది "ముడతకు ఏ మందు" అని అడిగేవాళ్లు తగ్గి, "కింది ముడత సార్, భూతద్దం దొరకలేదు, ఎట్ల చూడాలె" అని అడిగేవాళ్లు మొదలయ్యారు. ఆ ప్రశ్నను అలాగే నల్లి పేజీలో చిన్న హెడ్డింగుగా పెట్టాను.

మీకు మిర్చి తర్వాత చేయాల్సిన పేజీ చెప్పమంటే వరి తెల్లకంకి చెప్తాను. మీ దగ్గర అది "కాండం తొలుచు పురుగు" కింద ఉండుంటుంది. రైతుల్లో కొందరు మొగి పురుగంటారు, ఎక్కువమంది మాత్రం కంకి తెల్లబడ్డాకే వెతుకుతారు, "వరి తెల్లకంకి మందు" అని. ఆ దశలో ఆ కంకికి ఏది కొట్టినా గింజ పాలుపోసుకోదు. ఆ సంగతి టైటిల్‌లోనో డిస్క్రిప్షన్‌లోనో మొదటి మాటగా చెప్పగలిగితే ఆయనకు ఒక మందు ఖర్చు మిగులుతుంది. "వరి తెల్లకంకి వచ్చాక మందు కొట్టాలా?" అని పెట్టి, జవాబు డిస్క్రిప్షన్‌లోనే చెప్పెయ్యండి. వచ్చే పంటకు నారుమడి నుంచి ఏం చూసుకోవాలన్నది చదవడానికి లోపలికి వచ్చేవాళ్లు వస్తారు.